అల్మొఆదా, తొమాతె: స్పానిష్‌లో కలిసిపోయిన అరబిక్ మాటలు, అమెరికా మూలవాసుల మాటలు ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న: స్పానిష్ నేర్చుకుంటున్నాను. దిండుని ‘అల్మొఆదా’ అంటారు, అది అరబిక్ మాట అని మా టీచర్ చెప్పారు. టమాటాని ‘తొమాతె’ అంటారు, అది మెక్సికో మూలవాసుల మాటట. ‘అల్’తో మొదలయ్యేవన్నీ అరబిక్ మాటలే అనుకోవచ్చా? ఒక మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నా అంతట నేనే వెతుక్కోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అలా అనుకోకూడదండి. ‘అల్’ ఒక ఆచూకీ మాత్రమే, దాన్ని సాక్ష్యం అనలేం. ఒక మాట ఫలానా భాషది అని చెప్పాలంటే మూడూ కుదరాలి. ఆ భాషలోని ధ్వని స్పానిష్‌లోకి వచ్చేటప్పుడు మామూలుగా ఎలా మారుతుందో ఈ మాటలోనూ అలాగే మారి ఉండాలి. అర్థం అతకాలి. ఆ మాట స్పానిష్ రాతల్లో మొదట కనబడే కాలానికి, ఆ రెండు భాషలవాళ్ళూ ఒకచోట ఉండి ఉండాలి. ఈ మూడిట్లో ఒకటి తప్పినా అది ఊహే. మీరు మొదలుపెట్టాల్సిన చోటు స్పానిష్ అకాడమీ నిఘంటువు, `dle.rae.es`. అక్కడ అర్థాలకంటే ముందు చిన్న అక్షరాల్లో మాట పుట్టుక ఉంటుంది. కానీ అక్కడితో ఆగితే ఆ మాట మీకు సగమే తెలిసినట్టు.

ముందు ‘అల్’ సంగతి. అరబిక్‌లో నామవాచకం ముందు వచ్చే ‘అల్’ అనే చిన్న మాట అర్థంలో భాగం కాదు. 711లో ముస్లిం సైన్యాలు వచ్చాక ఐబీరియాలో, అంటే స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ద్వీపకల్పంలో, అరబిక్ మాట్లాడేవాళ్ళ దగ్గర ఆ మాటలు విన్న స్పానిష్‌వాళ్ళు దాన్ని విడదీయకుండా మొత్తం ఒకే మాటగా తీసుకున్నారు. ఇటలీవాళ్ళు అలా చేయలేదు. పంచదారను స్పానిష్‌లో అసూకర్ అంటారు, ఇటాలియన్‌లో జుక్కెరో. పత్తి స్పానిష్‌లో అల్గొదోన్, ఇటాలియన్‌లో కొతోనె. మూలం ఒకటే. స్పానిష్, పోర్చుగీసుల్లో ముందు ‘అల్’ ఉండి, ఇటాలియన్, ఫ్రెంచిల్లో లేకపోతే ఆ మాట ముస్లిం స్పెయిన్ దారిలోనే వచ్చిందనడానికి అది గట్టి గుర్తు.

అయితే పైన అసూకర్‌లో ‘అల్’ ఎక్కడుంది? ఇది చాలామందికి తట్టదు గానీ మనకి కొత్త కాదు. అబ్దుల్ ఖాదర్ అనే పేరులో ‘ల్’ ఉంది. అబ్దుర్ రహమాన్‌లో అదే ‘ల్’ వెళ్ళి ‘ర్’ అయింది. నిజాముద్దీన్‌లో ‘ద్’ అయింది. అస్సలాము అలైకుమ్‌లో ‘స్’ అయింది. అరబిక్‌లో 28 హల్లులుంటే వాటిలో 14 హల్లుల ముందు ‘ల్’ ఇలా వాటి రూపంలోకే మారిపోతుంది. అందుకే అస్ సుక్కర్ స్పానిష్‌లో అసూకర్ అయింది. అజ్ జైత్ నుంచి నూనెకి అసేయితె, అర్ రుజ్ నుంచి బియ్యానికి అర్రోస్, అత్ తూబ్ నుంచి పచ్చి ఇటుకకి అదోబె వచ్చాయి. దివాన్ అనే మాట మనకి తెలిసిందే. అద్ దీవాన్ నుంచి అద్వానా వచ్చింది. సరుకు సరిహద్దు దాటేటప్పుడు సుంకం కట్టించుకునే కార్యాలయం పేరది. ఒక్క ‘అల్’ కోసమే వెతికితే అరబిక్ మాటల్లో పెద్ద భాగం మీ వలలో పడదు.

రెండోవైపు, ‘అల్’ ఉన్నా అరబిక్ కానివి బోలెడున్నాయి. ఆత్మకి స్పానిష్‌లో అల్మా అంటారు, అది లాటిన్ అనిమా. ఎత్తైనది అనడానికి ఆల్తొ, అదీ లాటినే. బాదం పప్పుకి అల్మెంద్రా అంటారు. ఇది ఇంకా ఆసక్తికరం. మూలం లాటిన్‌లోని అమిగ్దలా, దానికి ముందు గ్రీకు. దాంట్లో మొదట ‘ల్’ లేదు. చుట్టూ ‘అల్’తో మొదలయ్యే మాటలు అన్నేసి ఉండేసరికి ఆ అలవాటు దీనికీ అంటుకుంది. మన అల్మారా కూడా ఇలాంటిదే. వినగానే అరబిక్ అనిపిస్తుంది గానీ, అది పోర్చుగీసు అర్మారియొ, లాటిన్ మాట.

మూడో రకం, ‘అల్’ ఏ రూపంలోనూ లేని అరబిక్ మాటలు. ‘వరకు’ అని చెప్పే ఆస్తా అరబిక్ హత్తా నుంచి వచ్చింది. పేరు చెప్పకుండా ‘ఫలానా మనిషి’ అనాలంటే స్పానిష్‌వాళ్ళు ఫులానొ అంటారు. మన ఫలానా, వాళ్ళ ఫులానొ రెండూ అరబిక్ ఫులాన్ పిల్లలే. ఒకటి ఫారసీ, ఉర్దూల మీదుగా తూర్పుకి వచ్చింది, ఇంకొకటి నేరుగా పడమటికి పోయింది.

ఇప్పుడు అల్మొఆదానే చివరిదాకా వెతుకుదాం. పద్ధతి ఇందులోనే తెలుస్తుంది.

అకాడమీ నిఘంటువులో ఈ మాట దగ్గర రెండు మెట్లు కనిపిస్తాయి. మొదటిది `ár. hisp.`, అంటే స్పెయిన్‌లో జనం మాట్లాడిన అరబిక్. దాన్ని అందలూసీ అరబిక్ అంటాం. రెండోది `ár. clás.`, అంటే పుస్తకాల అరబిక్. పుస్తకాల్లో దిండు ‘మిఖద్ద’. అందలూసీలో ‘ముఖద్ద’. ఈ తేడా చిన్నది కాదు. మీరు ఒక మామూలు అరబిక్ నిఘంటువు తెరిచి ‘మిఖద్ద’ చూసి, ‘మి’ ఎక్కడ, స్పానిష్‌లోని ‘మొ’ ఎక్కడ అని తికమకపడతారు. స్పెయిన్‌లో వీధిలో వినిపించిన రూపం ‘ము’. స్పానిష్ దాన్ని ‘మొ’గా పట్టుకుంది. పుస్తకాల అరబిక్‌తో పోల్చి ‘కుదరలేదు’ అని వదిలేసిన మాటల్లో చాలావాటికి జవాబు ఈ అందలూసీ రూపంలో దొరుకుతుంది.

తర్వాత ధాతువు. అరబిక్ మాటలు మూడు హల్లుల ధాతువు చుట్టూ అల్లుకుంటాయి. ఇక్కడ ఖ్, ద్, ద్. ‘ఖద్ద్’ అంటే చెంప. దానికి ముందు ‘మి’ చేరిస్తే ‘చెంపకి ఆసరాగా ఉండేది’ అన్న అర్థం వస్తుంది. అరబిక్‌లో పనిముట్ల పేర్లు చాలావరకు ఈ అచ్చులోనే పోస్తారు. మనం తలను బట్టి తలగడ అన్నాం, వాళ్ళు చెంపను బట్టి పేరు పెట్టారు. ధాతువుకీ వస్తువుకీ ఇంత సూటిగా చుట్టరికం కనబడితే, ఆ మాట ఆ భాషలోనే పుట్టిందనడానికి అది మంచి ఆధారం. ధాతువు దొరక్కుండా అరబిక్‌లో ఒంటరిగా నిలబడ్డ మాట అయితే, అది అరబిక్‌లోకి కూడా ఇంకెక్కణ్ణుంచో వచ్చి ఉండొచ్చని అనుమానించాలి. పచ్చి ఇటుక అదోబె అలాంటిదే. దాని మూలం ఈజిప్టు పాత భాష కోప్టిక్.

ఇక ఆ ‘ఖ’ ఏమైంది? మధ్యయుగాల్లో స్పెయిన్‌లోని కాస్తిల్ రాజ్యంలో మాట్లాడిన స్పానిష్‌లో ‘ఖ’ లాంటి ధ్వని లేదు. వినేవాళ్ళు దగ్గరలో ఉన్నదాన్ని పట్టుకున్నారు. ఒక్కోసారి `f` రాశారు, ఒక్కోసారి `h`. అప్పట్లో ఆ `h` ని మన ‘హ’లా పలికేవాళ్ళు. పైగా ఆ కాలంలోనే లాటిన్ మాటల్లోని `f` కూడా కాస్తిల్‌లో `h` గా మారుతూ ఉంది. పిండికి లాటిన్ ఫరీనా స్పానిష్‌లో అరీనా అయింది, రాసేటప్పుడు ముందు `h` ఉంటుంది. కాబట్టి పాత రాతల్లో `almofada`, `almohada` రెండూ కనిపిస్తాయి. తర్వాత ఆ ‘హ’ పలకడం మానేశారు. అందుకే ఇప్పుడు రాతలో `h` ఉన్నా నోట్లో అల్మొఆదా. పోర్చుగీసులో మాత్రం ఈనాటికీ అల్మొఫాదా అనే అంటారు.

అందుకే ఏ మాటకైనా పోర్చుగీసు రూపం పక్కన పెట్టుకుని చూడమంటాను. స్పానిష్ పారేసుకున్న ధ్వని అక్కడ దాక్కుని ఉంటుంది. స్పెయిన్ తూర్పు తీరంలో మాట్లాడే కాతలాన్ భాషలో దిండుకి లాటిన్ నుంచి వచ్చిన వేరే మాట, కొయిషీ, వాడతారు. అది కూడా ఒక సమాచారమే. అరబిక్ మాటలు ఐబీరియా అంతటా ఒకే దట్టంగా పడలేదు.

ధ్వని గురించి ఇంకొక్క ఉదాహరణ చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. స్పెయిన్‌లో ఊరి మేయర్‌ని అల్కాల్దె అంటారు. అది అల్ ఖాదీ, అంటే మన ఖాజీ. ఆ మాట చివర ఉన్న అరబిక్ హల్లు ఒకప్పుడు నాలుక పక్కల నుంచి ‘ల’ ఛాయతో పలికేది. స్పెయిన్‌వాళ్ళ చెవికి అది ‘ల్ద’గా వినబడింది. అదే హల్లుని ఫారసీవాళ్ళు ‘జ’ చేశారు. ఫారసీ మీదుగా మనకొచ్చింది కాబట్టి మనం ఖాజీ అన్నాం. ఒకే హల్లు ఒకచోట ‘ల్ద’గా, ఇంకొకచోట ‘జ’గా మిగిలింది. మాట ఏ దారిన వచ్చిందో చెప్పేవి ఇలాంటి మరకలే.

ఇప్పుడు కాగితం సాక్ష్యం. 1505లో దక్షిణ స్పెయిన్‌లోని గ్రనాదాలో పేద్రో దె అల్కలా అనే పాదిరీ ఒక పదకోశం అచ్చువేయించాడు. స్పానిష్ మాటకి గ్రనాదా జనం వాడే అరబిక్ మాటను రోమన్ లిపిలో ఇచ్చాడు. అరబిక్ లిపిలో హ్రస్వ అచ్చులు రాయరు కాబట్టి ‘మి’ అన్నారో ‘ము’ అన్నారో తెలియదు. రోమన్ లిపిలో తప్పించుకోలేరు, అచ్చు రాయాల్సిందే. అందుకే అందలూసీ ఉచ్చారణకి ఆ పుస్తకం అంత విలువైనది. ఆధునికుల్లో ఫెదెరీకొ కొర్రియేంతె 1999లో తెచ్చిన, స్పానిష్‌లాంటి భాషల్లోకి వచ్చిన అరబిక్ మాటల నిఘంటువు ఈ రంగంలో ఇప్పటికీ మొదట చూడాల్సింది. అన్ని మూలాలకీ కలిపి చూడాలంటే కొరోమినాస్, పాస్కువాల్ కలిసి చేసిన నిఘంటువు. దాంట్లో మాట మొదట కనబడిన తేదీ కూడా ఉంటుంది.

తేదీ మీరే చూసుకోవాలంటే అకాడమీవాళ్ళ పాత రాతల భాండాగారం `CORDE` ఉంది. మొదటి రాతల నుంచి 1974 దాకా ఉన్న రచనలు అందులో వెతకొచ్చు. అక్కడ చాలామంది చేసే పొరపాటు ఈనాటి స్పెల్లింగు కొట్టడం. అది మీరు కొట్టిన అక్షరాలనే వెతుకుతుంది, పాత రూపాలను తనంతట తాను కలపదు. ‘ఏమీ లేదు’ అని వస్తే మాట లేదని కాదు, ఆ స్పెల్లింగు లేదని. ఎడమవైపువి ఈనాటివి, కుడివైపువి పాత రాతల్లో వెతకాల్సినవి:

```
almohada   almofada
azúcar     açúcar, açucar
aceite     azeite
ajedrez    axedrez
jarabe     xarabe
jitomate   xitomate
```

కింది మూడింటినీ చూడండి. ఇప్పుడు `j` ఉన్నచోట అప్పుడు `x` ఉంది. 16వ శతాబ్దంలో కూడా `x` అంటే ‘ష’ అనే పలికేవాళ్ళు. ఆ తర్వాతే అది గొంతులోకి జారి ఇప్పటి ‘హ’, ‘ఖ’ లాంటి ధ్వని అయింది. దగ్గు మందుకి స్పానిష్‌వాళ్ళు హరాబె అంటారు. వినగానే ఏమీ తట్టదు. `x` పెట్టి షరాబె అని చదివితే అరబిక్ షరాబ్ కనబడుతుంది, మన షర్బత్ కూడా అదే ధాతువు. చదరంగానికి అహెద్రేస్ అంటారు. దాన్ని అషెద్రేస్ అని చదివితే అరబిక్ అష్ షత్రంజ్ తెలుస్తుంది. ఇక్కడ ఒక పని గుర్తుంచుకోండి. స్పానిష్ మాటలో `j` కనబడగానే దాన్ని ‘ష’గా ఒకసారి పలికి చూడండి. అరబిక్ మాటలకీ, మెక్సికో మాటలకీ రెండిటికీ ఇది పనికొస్తుంది.

`CORDE` ఇచ్చే తేదీ విషయంలో ఒక జాగ్రత్త. అది రచన చేసిన కాలం. ఆ రచన మనకి దొరికిన రాతప్రతి రెండు వందల ఏళ్ళ తర్వాతది కావచ్చు. నకలు రాసినవాడు తన కాలపు మాట పెట్టేసి ఉండొచ్చు. 13వ శతాబ్దపు తేదీ చూసి సంబరపడేముందు ఆ ప్రతి ఏ కాలానిదో చూడాలి.

చదరంగం ఎత్తాం కాబట్టి ఇదీ చెప్పాలి. మన చతురంగమే ఫారసీలోకి, అక్కణ్ణుంచి అరబిక్‌లోకి, అక్కణ్ణుంచి స్పానిష్‌లోకి వెళ్ళింది. అసూకర్ వెనక శర్కర ఉంది. నరాంహా (మన నారింజే, `j` ని ‘ష’ చేయాల్సిన పని లేదు, ఇక్కడ అరబిక్‌లోనే ‘జ’ ఉంది) వెనక సంస్కృత నారంగ ఉంది, దాని వెనక ద్రావిడ మూలం ఉందని చాలామంది పండితుల అభిప్రాయం. మరి అసూకర్ సంస్కృత మాటా, అరబిక్ మాటా? స్పానిష్‌కి చేతికిచ్చింది అరబిక్. కాబట్టి స్పానిష్ లెక్కలో అది అరబిక్ మాటే. చేతికిచ్చిన భాష వేరు, మొదట పుట్టిన భాష వేరు. ఈ రెంటినీ కలిపేస్తే అల్బరికోకె దగ్గర చిక్కుకుంటారు. ఆప్రికాట్ పండుకి అది స్పానిష్ పేరు. అరబిక్ అల్ బర్కూక్ నుంచి వచ్చింది. అరబిక్‌కి గ్రీకు ఇచ్చింది, గ్రీకుకి లాటిన్ ఇచ్చింది, ‘తొందరగా పండేది’ అన్న అర్థంలో. లాటిన్ బిడ్డ అయిన స్పానిష్‌కి తన తల్లి మాటే ఊరంతా తిరిగి ‘అల్’ తగిలించుకుని ఇంటికొచ్చింది.

ఇప్పుడు అట్లాంటిక్ దాటుదాం. తొమాతె నావాట్ల్ భాష మాట. ఆజ్టెక్కులు మాట్లాడిన భాష అది. మెక్సికోలో ఇప్పటికీ మాట్లాడేవాళ్ళున్నారు. మూలరూపం తొమత్ల్. చివర ఉన్న ‘త్ల్’ రెండు హల్లుల్లా రాసినా ఒకే ధ్వని. అది మన ‘వృక్షము’లోని ‘ము’ లాంటి ప్రత్యయం. వృక్షశాఖ అనేటప్పుడు ‘ము’ పోయినట్టే, సమాసంలో ‘త్ల్’ పోతుంది. కొయోత్ల్ అంటే ఒక రకం తోడేలు, స్పానిష్‌లో కొయోతె. మెక్సికో నగరంలో ఉన్న కొయొఆకాన్ అనే పేట పేరులో అదే కొయొ ఉంది, ‘త్ల్’ లేదు.

స్పానిష్‌లో మాట చివర ‘త్ల్’ పలకడం కుదరదు. దాన్ని ‘తె’ చేసుకున్నారు. తొమత్ల్ తొమాతె అయింది, అవకాడో పండు పేరు అవకత్ల్ అగ్వకాతె అయింది. మాట మధ్యలో వస్తే ఉత్త ‘త’ అయింది. చాపకి పెత్లత్ల్ అంటారు. అందులో రెండు ‘త్ల్’లున్నాయి, రెండూ తమ తమ చోట నియమం ప్రకారం మారి పెతాతె అయింది. ప్రత్యయానికి ఇంకో రూపం ‘లి’. చిల్లి అనే మిరపకాయ చీలె అయింది, తమల్లి అనే మొక్కజొన్న పిండి వంటకం తమాల్ అయింది. ఈ మూడు మార్పులూ తెలిస్తే మెక్సికో వంటింటి మాటల్లో చాలావాటి మూలరూపం మీరే రాయగలరు.

రాయగలరు, కానీ రాసినదాన్ని నమ్మకూడదు. అసలు ప్రమాదం ఇక్కడే. మూలరూపం రాశాక అది ఆ కాలపు నావాట్ల్ నిఘంటువులో ఉందో లేదో చూడాలి. అలోన్సొ దె మొలీనా అనే పాదిరీ 1555లో ఒకటి, 1571లో ఇంకా పెద్దది మెక్సికో నగరంలో అచ్చువేయించాడు. ఇవీ, ఇంకా ఎన్నో పాత నిఘంటువులూ కలిపి మెక్సికో విశ్వవిద్యాలయంవాళ్ళు `gdn.iib.unam.mx` లో పెట్టారు. తొమత్ల్ అక్కడ దొరుకుతుంది. మొలీనా ఇచ్చిన అర్థం గమనించండి. కూరల్లో, పచ్చళ్ళలో పులుపు కోసం వేసే ఒక కాయ అన్నాడు. అది మనం అనుకునే ఎర్ర టమాటా కాదని ఆ పులుపే పట్టిస్తుంది. నావాట్ల్‌లో తొమత్ల్ అంటే ముఖ్యంగా పల్చటి పొర చుట్టుకుని ఉండే ఆకుపచ్చ కాయ. ఎర్రదానికి షితొమత్ల్ అని వేరే పేరు. మధ్య మెక్సికో సంతలో ఈనాటికీ ఎర్రదాన్ని హితొమాతె, పచ్చదాన్ని తొమాతె అంటారు. స్పెయిన్‌కి వెళ్ళిన కాయ ఎర్రది, వెంట వెళ్ళిన పేరు పచ్చదానిది. మన టమాటా కూడా ఆ పేరే, ఇంగ్లిష్ మీదుగా. కాబట్టి అర్థం సరిపోయిందా అని చూసేటప్పుడు, ‘ఆ కాలంలో, ఆ ఊళ్ళో ఆ మాటకి ఏ అర్థం’ అని చూడాలి. ఇప్పటి అర్థంతో పోల్చకూడదు.

ఇదే పరీక్ష చొకొలాతె దగ్గర ఎదురుతిరుగుతుంది. చివర ‘తె’ ఉంది కదా అని చొకొలత్ల్ అని రాస్తారు. ఎన్నో చోట్ల అలాగే అచ్చయింది. మొలీనా నిఘంటువులో ఆ మాట లేదు. అంటే చొకొలాతె మెక్సికోది కాదని కాదు, మెక్సికోలోనే పుట్టింది. కానీ మొదటి రూపమేమిటన్నదాని మీద పండితులకి ఇంకా ఏకాభిప్రాయం లేదు. నియమాన్ని వెనక్కి తిప్పి మాటను మనమే తయారుచేసి, దాన్నే సాక్ష్యంగా చూపించడం ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. నిఘంటువుల్లో మాట ముందు చుక్క గుర్తు `*` ఉంటే అది రాతల్లో దొరకని, ఊహించి కట్టిన రూపమని అర్థం. `quizá` అని ఉంటే ‘బహుశా’ అని. ఇంటర్నెట్‌లో ఆ మాటను ఎత్తి రాసేవాళ్ళు ముందుగా పారేసేవి ఈ రెండు గుర్తులే.

ఇంకో చిక్కు, చివర ‘తె’ ఉన్నవన్నీ నావాట్ల్ కావు. దక్షిణ అమెరికాలో తాగే మాతె, ఆండీస్ కొండల్లో మాట్లాడే కెచువా భాషలోని మతి అనే మాట, సొరబుర్ర అని. అసలు ఏ మూలవాసి భాష అన్నది తేల్చడానికి నాకు బాగా నమ్మకమైన కొలబద్ద కాలక్రమమే. కొలంబస్ 1492లో దిగింది కరీబియన్ దీవుల్లో. అక్కడివాళ్ళు తైనో మాట్లాడేవాళ్ళు. స్పానిష్ సేనాని కోర్తెస్ మెక్సికోలో అడుగుపెట్టింది 1519లో. ఇంకో సేనాని పిసార్రొ పెరూలో ‘ఇంకా’ సామ్రాజ్యపు చక్రవర్తిని పట్టుకున్నది 1532లో. కాబట్టి 1519కి ముందే స్పానిష్ రాతల్లో ఉన్న మాట నావాట్ల్ అనడం కష్టం. కనోవా అనే పడవ పేరు సుమారు 1495లోనే నెబ్రీహా అనే వ్యాకరణవేత్త స్పానిష్ పదకోశంలో చేరిపోయింది. అది దీవుల మాటే అయి ఉండాలి.

స్పానిష్‌వాళ్ళు ఆ దీవుల్లో పాతికేళ్ళు గడిపి, అక్కడ నేర్చుకున్న మాటలు మూటగట్టుకుని ఖండం మీదికి వెళ్ళారు. మొక్కజొన్నకి మెక్సికోలో నావాట్ల్ పేర్లు వేరే ఉన్నాయి, పెరూలో కెచువా పేరు సరా. అయినా స్పానిష్ అంతటా తైనో మాట మాయీసే నిలిచింది. ఊరిపెద్దను పెరూలో కూడా కసీకె అనడం అందుకే. ఒక మాటను మెక్సికోలో వాడుతున్నారంటే అది మెక్సికోలో పుట్టినట్టు కాదు. తైనోకి మొలీనాలాంటి నిఘంటుకారుడు ఎవరూ లేరు. ఆ భాష త్వరగా అంతరించిపోయింది. దానికి ఒవియేదొ, లాస్ కాసాస్ లాంటి చరిత్రకారులు తమ రాతల్లో ‘ఇక్కడివాళ్ళు దీన్ని ఇలా అంటారు’ అని విడిచిపెట్టిన వాక్యాలే ఆధారం. అందుకే తైనో మాటలకి ధాతువు, సమాసం చూపించి వివరించేవాళ్ళు కనబడితే వాళ్ళ ఆధారమేమిటో అడగండి. కెచువాకి మాత్రం 1560లోనే దొమింగొ దె సాంతొ తొమాస్ నిఘంటువు స్పెయిన్‌లో అచ్చయింది. మొలీనాని వాడినట్టే దాన్ని వాడొచ్చు.

అర్థం విషయంలో మీకు తప్పకుండా ఎదురయ్యే కథ ఒకటుంది. అగ్వకాతె, అంటే అవకాడో, అసలు అర్థం ‘వృషణం’ అని. మొలీనా నిఘంటువులో అవకత్ల్‌కి ముందు తెలిసిన పండు అనే ఇచ్చాడు, ఆ తర్వాతే రెండో అర్థం. ప్రతి భాషలోనూ పండ్ల పేర్లు శరీర భాగాలకి చాటుమాటలుగా వాడతారు. ఇక్కడా పండు పేరు అటు వెళ్ళిందని చదువుకోవడమే సహజం. ఆ కథ చెప్పేవాళ్ళు దాన్ని తలకిందులు చేసి చెబుతారు.

అలాగే ఒహలా, ‘అలా జరిగితే బాగుండు’ అనే మాట. ఇది ఇన్షా అల్లా నుంచి వచ్చిందని ఎక్కడ చూసినా ఉంటుంది. ‘ఇన్’ ఎలా ‘ఒ’ అయింది? అలా మారిన మాట ఇంకొకటి చూపించలేరు. అకాడమీ ఇచ్చేది అందలూసీ ‘లవ్ షా అల్లాహ్’. ‘లవ్’ అన్నా ‘అయితే’ అనే, కానీ కోరిక ఛాయ ఎక్కువ. ‘అవ్’ స్పానిష్‌లో ‘ఒ’ అవడం మామూలే, ‘ష’ `x` గా వచ్చి `j` అయింది. ధ్వని దారి చాలావరకు తెరుచుకుంది. అర్థం ఎంత దగ్గరగా ఉన్నా, ధ్వని దారి మూసుకుపోతే వేరే తలుపు వెతకాలి.

మీరు స్పానిష్ నేర్చుకుంటున్నారు కాబట్టి చివరగా బంగాళాదుంప. స్పెయిన్‌లో ఎక్కువమంది పతాతా అంటారు, లాటిన్ అమెరికా మొత్తం పాపా అంటుంది. పాపా అచ్చమైన కెచువా. పతాతా మాత్రం ఏ మూలవాసి భాషలోనూ దొరకదు. తైనోవాళ్ళు చిలగడదుంపని బతాతా అనేవాళ్ళు. ఆ దుంప, ఆ పేరు స్పెయిన్‌కి ముందు చేరాయి. తర్వాత ఆండీస్ కొండల దుంప పాపా అనే పేరుతో వచ్చింది. రెండు దుంపలు, రెండు పేర్లు ఒకే సంతలో కలిసేసరికి జనం నోట్లో బతాతా, పాపా అతుక్కుని పతాతా పుట్టింది. నిఘంటువులో దాని దగ్గర `cruce` అని ఉంటుంది, అంటే రెండు మాటల కలయిక. దీన్ని కెచువా లెక్కలో వేయాలా, తైనో లెక్కలో వేయాలా అని ఎవరైనా అడిగితే, రెండు భాషల పేర్లూ రాసి, కలిసిన చోటు స్పెయిన్ అని పక్కన రాయండి.